1971 యుద్ధం న్యాయమైనదేనా? ముందు తేదీ పెట్టండి

ప్రశ్న: సార్, నేను హనుమకొండలో ఉండి సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. ఆప్షనల్ పొలిటికల్ సైన్స్. టెస్ట్ సిరీస్‌లో ‘1971లో తూర్పు పాకిస్తాన్‌లో భారత్ జోక్యాన్ని న్యాయయుద్ధ సిద్ధాంతం దృష్ట్యా పరిశీలించండి’ అని ఇచ్చారు. ఆరు ప్రమాణాలూ రాసి, అన్నీ నెరవేరాయని తేల్చాను. 15కి 4 మార్కులే వచ్చాయి. ‘జాబితా ఇచ్చారు, అన్వయించలేదు’ అని రాశారు. అన్వయించడం అంటే అసలేంటి? రేపు ఎంఏ ఇంటర్వ్యూలో ఇదే అడిగితే ఏం చెప్పాలి? టెన్షన్‌గా ఉంది. జవాబు ఫొటో పంపుతున్నాను.

జవాబు: మీ ఫొటోలో ఈ రెండు వాక్యాల దగ్గర ఆగాను. ‘అన్ని మార్గాలూ విఫలమయ్యాకే భారత్ యుద్ధానికి దిగింది. కాబట్టి చివరి మార్గం అనే ప్రమాణం నెరవేరింది.’ ఇందులో భారత్ పేరు తీసేసి ఇంకో దేశం పేరు పెట్టి చూడండి, వాక్యం అలాగే నిలబడుతుంది. ఏ మార్గాలు విఫలమయ్యాయి, ఎప్పుడు, ఎవరి చేతుల్లో అన్నది ఇందులో లేదు. మీ మార్కులు పోయింది అక్కడే.

న్యాయమైన కారణం, సరైన ఉద్దేశం, అధికారం, చివరి మార్గం, గెలుపు అవకాశం, దామాషా అనే ఆరు ప్రమాణాలను దేనికి అన్వయించాలో ముందు తేల్చుకోవాలి. ‘1971 యుద్ధం’ అనేది ఒక్క నిర్ణయం కాదు. మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం బెంగాలీలను అణచివేసే ఆపరేషన్ సెర్చ్‌లైట్ మొదలుపెట్టింది. ఆ తర్వాత శరణార్థులకు సరిహద్దు తెరవడం ఒక నిర్ణయం. బెంగాలీ విముక్తి పోరాట దళమైన ముక్తి బాహినికి శిక్షణ, ఆయుధాలు ఇవ్వడం ఇంకొకటి. నవంబర్ మూడో వారంలో మన సేనలు గరీబ్‌పూర్ దగ్గర సరిహద్దు దాటాయి, అది మూడోది. డిసెంబర్ 3న పాకిస్తాన్ మన వైమానిక స్థావరాల మీద దాడి చేశాక పూర్తి యుద్ధానికి దిగడం నాలుగోది. ఒకే ప్రమాణం ఒక తేదీన నెరవేరి, ఇంకో తేదీన నెరవేరకపోవచ్చు. అందుకే జవాబు మొదటి వాక్యంలోనే ‘నేను పరిశీలిస్తున్నది ఫలానా నిర్ణయం’ అని రాయండి.

విశాఖ బీచ్‌లో ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం చూస్తూ, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన కథ వింటూ పెరిగినవాళ్లం మనం. 1971 అనగానే మనకు ముందు గెలుపే గుర్తొస్తుంది. గెలిచిన యుద్ధం న్యాయమైనదే అయి ఉంటుందని మనసు తేలిగ్గా ఒప్పుకుంటుంది. పేపర్ దిద్దేవారు చూసేది మీరు అక్కడ ఆగి ఆలోచించారా లేదా అనే.

ఇక న్యాయమైన కారణం. మీరు ‘శరణార్థుల భారం, మారణకాండ, పాకిస్తాన్ దాడి’ అని మూడింటినీ ఒకే వాక్యంలో పెట్టారు. కానీ ఇవి రెండు వేర్వేరు వాదాలు. డిసెంబర్ 3 దాడిని కారణంగా తీసుకుంటే అది ఆత్మరక్షణ. ఆత్మరక్షణ హక్కు దాడిని తిప్పికొట్టేంతవరకే. పశ్చిమాన స్థావరాలపై దాడి జరిగితే తూర్పున ఢాకా దాకా వెళ్లి కొత్త దేశం ఏర్పడేలా చేయడానికి ఆ ఒక్క కారణం చాలదు. మారణకాండను కారణంగా తీసుకుంటే అది మానవతా జోక్యం. అప్పుడు డిసెంబర్ 3తో పనే లేదు, కారణం మార్చి 25 నుంచే ఉంది. కానీ ఇంకో ప్రశ్న మీద పడుతుంది: మరి డిసెంబర్ దాకా ఎందుకు ఆగారు? రెండు వాదాలూ వాడుకోవచ్చు. ఏ వాదం ఎంతవరకు మోస్తుందో మాత్రం విడదీసి చెప్పాలి.

మృతుల సంఖ్య విషయంలో ఒక జాగ్రత్త. బంగ్లాదేశ్ అధికారికంగా 30 లక్షలు అంటుంది. అంతకంటే చాలా తక్కువ చెప్పే అంచనాలూ ఉన్నాయి. మీ వాదన మొత్తాన్ని ఆ అంకెకు కట్టకండి. దాదాపు కోటి మంది సొంత ఊళ్లు వదిలి సరిహద్దు దాటి వచ్చారన్నది గట్టి ఆధారం. ఒక ప్రభుత్వం తన ప్రజలనే ఆ స్థాయిలో తరిమిందని చూపడానికి అది చాలు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది చివరి మార్గం మీద. ఏప్రిల్‌లో ఏం జరిగిందో చూడండి. వెంటనే దాడి చేయగలరా అని ఇందిరా గాంధీ అడిగితే, సైన్యం సిద్ధంగా లేదని చెప్పినట్టు అప్పటి సైన్యాధిపతి మానెక్‌షా తర్వాత చాలాసార్లు చెప్పారు. వర్షాకాలంలో తూర్పు బెంగాల్ నదులు పొంగి ట్యాంకులు కదలవు. చలికాలంలో హిమాలయ కనుమలు మంచుతో మూసుకుపోతే చైనా వైపు నుంచి ముప్పు తగ్గుతుంది. ఇది గెలుపు అవకాశం అనే ప్రమాణానికి సంబంధించిన లెక్క. మరోవైపు దౌత్యం నడుస్తోంది. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో ఇందిరా గాంధీ యూరప్, అమెరికా రాజధానులకు వెళ్లి పాకిస్తాన్‌పై ఒత్తిడి తెమ్మని అడిగారు. కానీ అప్పటికి నిక్సన్ ప్రభుత్వానికి చైనాతో రహస్య సంబంధాలకు పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖానే దారి చూపిన మనిషి. అక్కడ నుంచి ఒత్తిడి రాలేదు.

మరి ఆ ఎనిమిది నెలలు ఆగింది శాంతి మార్గాలు వెతకడానికా, యుద్ధానికి సిద్ధం కావడానికా? రెండింటికీ. బయట నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మంచి జవాబు ఇక్కడే తేలుతుంది. శాంతి మార్గానికి నిజంగా అవకాశం ఉందా అన్నది చూడాలి. 1970 ఎన్నికల్లో గెలిచిన షేక్ ముజీబ్ పశ్చిమ పాకిస్తాన్ జైల్లో ఉన్నారు. ఆయన్ను విడిచిపెట్టి, ఆ గెలుపును ఒప్పుకునే సూచన యాహ్యా ఖాన్ వైపు నుంచి కనబడలేదు. కాబట్టి నవంబర్ నాటికి ప్రయత్నించదగ్గ మార్గాలు దాదాపు అయిపోయాయని వాదించవచ్చు. ఏప్రిల్ నాటికి అయిపోయాయని అంత ధీమాగా అనలేం.

ఇందులో ఒక బాధ కూడా ఉంది, దాన్ని దాటేయకండి. చివరి మార్గం అంటే కాలక్రమంలో చిట్టచివర అని కాదు. ఆగిన ప్రతి నెలా అక్కడ ఊళ్లు తగలబడుతూనే ఉన్నాయి. శిబిరాల్లో కలరాతో జనం చనిపోతున్నారు. ఒక ప్రమాణం ఆగమంటుంది, గెలుపు అవకాశం లెక్క ఇంకా ఆగమంటుంది, న్యాయమైన కారణం ఇప్పుడే కదలమంటుంది. ప్రమాణాలు ఇలా ఒకదాన్నొకటి గుంజుకుంటాయని మీ జవాబులో కనబడితే, అన్వయించారని పేపర్ దిద్దేవారికి అర్థమవుతుంది. అన్నింటి పక్కనా టిక్కు పెడితే ఆ గుంజులాట మాయమైపోతుంది.

సరైన ఉద్దేశం దగ్గర చాలామంది రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. ఒకరు భారత్‌కు స్వార్థమే లేదంటారు. ఇంకొకరు పాకిస్తాన్‌ను విడగొట్టడమే లక్ష్యం కాబట్టి ఇది మానవతా జోక్యం కాదంటారు. మన ప్రభుత్వానికి వ్యూహాత్మక లాభం ఉందన్నది దాచక్కర్లేదు. న్యాయయుద్ధంపై రాసినవారిలో ముఖ్యుడైన మైఖేల్ వాల్జర్ ఈ కేసునే తీసుకుని, పలు ప్రయోజనాలు కలగలిసి ఉన్నా అవన్నీ బెంగాలీలు కోరుకున్న పనికే దారితీశాయి కాబట్టి ఇది మానవతా జోక్యమేనని వాదించాడు. నా మాటల్లో చెప్పాలంటే, మనసులో ఏముందో వెతకడం కంటే చేతలు చూడటం మేలు. డిసెంబర్ 16న ఢాకాలో పాక్ సేనలు లొంగిపోయాయి. మరుసటి రోజే పశ్చిమ సరిహద్దులో మనమే కాల్పుల విరమణ పాటించాం. 1972 మార్చికల్లా మన సైన్యం బంగ్లాదేశ్ నుంచి వెనక్కి వచ్చింది. కాపాడటానికి వచ్చినవాడు పని అయ్యాక వెళ్లిపోయాడా, ఇల్లు తనదే అన్నాడా అన్నది ఇక్కడ గట్టి సాక్ష్యం.

అధికారం విషయంలో మీ జవాబు మరీ బలహీనంగా ఉంది. ‘భారత ప్రభుత్వం నిర్ణయించింది కాబట్టి నెరవేరింది’ అన్నారు. పాత సిద్ధాంతం ప్రకారం సార్వభౌమ ప్రభుత్వం నిర్ణయిస్తే చాలు. ఇప్పుడు మానవతా జోక్యం అనగానే భద్రతా మండలి అనుమతి ఉందా అని అడుగుతారు. లేదు. మండలిలో కాల్పుల విరమణ తీర్మానాలను సోవియట్ వీటో ఆపితే, విషయం జనరల్ అసెంబ్లీకి వెళ్లింది. డిసెంబర్ 7న అక్కడ 104 దేశాలు కాల్పుల విరమణకు, సేనలు వెనక్కి తీసుకోవాలని ఓటేశాయి. వ్యతిరేకించినవి 11. ఈ అంకె మీ జవాబులో ఉండాలి, ఎందుకంటే ఇది మన వాదనకు ఎదురొచ్చే సాక్ష్యం. దీనికి బదులుగా చెప్పదగ్గది అక్కడి ప్రజల అధికారం. తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ సీట్లలో ముజీబ్ పార్టీ అవామీ లీగ్ 160 గెలిచింది. ఆ గెలిచినవాళ్లే ఏప్రిల్‌లో తాత్కాలిక ప్రభుత్వం పెట్టుకున్నారు. కానీ భారత్ ఆ ప్రభుత్వాన్ని గుర్తించింది డిసెంబర్ 6న, అంటే యుద్ధం మొదలయ్యాక. ఆ తేదీ వాదనను కొంచెం బలహీనపరుస్తుంది. అదీ రాయండి.

దామాషా, అంటే జరిగే హాని సాధించే మేలును మించకూడదన్న ప్రమాణం గురించి రెండు వాక్యాలు చాలు. యుద్ధం 13 రోజుల్లో ముగిసింది. వచ్చిన శరణార్థుల్లో అత్యధికులు కొద్ది నెలల్లోనే తిరిగి వెళ్లగలిగారు. యుద్ధానికి దిగడం న్యాయమా, యుద్ధం చేసిన తీరు న్యాయమా అన్నవి మాత్రం వేర్వేరు ప్రశ్నలు. ఢాకా విముక్తి తర్వాత ఉర్దూ మాట్లాడే బిహారీ ముస్లింల మీద జరిగిన ప్రతీకార హత్యలు యుద్ధం తర్వాతి బాధ్యత కిందకి వస్తాయి. వాటిని దాచినా తప్పే, వాటి వల్ల యుద్ధానికి కారణమే చెల్లదనడమూ తప్పే.

నేను మొదట చూపిన మీ రెండు వాక్యాల బదులు ఇలా రాసి చూడండి: ‘నేను పరిశీలిస్తున్నది నవంబర్‌లో సరిహద్దు దాటాలన్న నిర్ణయం. ముజీబ్ జైల్లో ఉండగా, పశ్చిమ దేశాలు ఒత్తిడి తేవడానికి ఒప్పుకోనప్పుడు, రాజకీయ పరిష్కారానికి దారి కనబడలేదు. అయితే అదే కాలంలో భారత్ సైనికంగా సిద్ధమైంది, ముక్తి బాహినికి ఆయుధాలిచ్చింది. కాబట్టి ఆగిన కాలమంతా దౌత్యం కోసమే అనలేం. అయినా మిగిలిన మార్గం ఏదీ హత్యలను ఆపేలా లేదు గనుక చివరి మార్గం అనే ప్రమాణం నవంబర్‌కు నెరవేరిందని నా అభిప్రాయం.’ మీ పాత వాక్యాల కంటే ఇది పొడవే, 250 పదాల్లో చోటు సరిపోదు. అందుకే ఆరు ప్రమాణాలకూ సమానంగా చోటివ్వకండి. తగువు ఉన్న మూడింటి మీద రాసి, మిగిలిన వాటిని ఒక్క వాక్యంలో ముగించండి.

జనరల్ స్టడీస్ నాలుగో పేపర్ సిలబస్‌లో అంతర్జాతీయ సంబంధాల్లో నైతిక అంశాలు ఉన్నాయి కాబట్టి ఈ సాధన అక్కడా పనికొస్తుంది. ఎంఏ ఇంటర్వ్యూకి ఇంకో రకం సాధన కావాలి. నేను మాక్ ఇంటర్వ్యూల్లో ‘1971 సరే, మరి 1999లో కొసావో?’ అని అడుగుతాను. అక్కడా భద్రతా మండలి అనుమతి లేదు. నాటో యుగోస్లావియాపై 78 రోజులు ఆకాశం నుంచే బాంబులు వేసింది, నేల మీద సేనల్ని దింపలేదు. అధికారం లేకపోయినా 1971 సరైనదే అన్నవారు కొసావో తప్పంటే, తేడా ఏ ప్రమాణంలో ఉందో చూపాలి. చూపలేకపోతే, 1971 గురించి చెప్పింది దేశాభిమానంతోనా, సిద్ధాంతంతోనా అని బోర్డు అనుమానిస్తుంది. ఈ వారం ఒక పేజీలో రెండు యుద్ధాలకూ ‘అధికారం’, ‘చివరి మార్గం’ మాత్రమే పక్కపక్కన రాయండి. ప్రతి వాక్యంలో ఒక తేదీ ఉండాలి. రాశాక ఫొటో పంపండి, దిద్ది పంపుతాను.