ఉమ్మి పరీక్షలో కనిపించే ప్రొజెస్టిరాన్, గర్భసంచికి అందే ప్రొజెస్టిరాన్

ప్రశ్న: నాకు 49 ఏళ్లు, ఉండేది ఒంగోలు. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం మూలంగా డాక్టరమ్మ ఈస్ట్రోజన్ జెల్, ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్స్ రాశారు. ఒక వెల్‌నెస్ సెంటర్ వాళ్లేమో ఉమ్మి పరీక్ష చేసి, నా ఒంటికి తగ్గట్టు సహజమైన బయోఐడెంటికల్ క్రీమ్, అంటే ఒంట్లో తయారయ్యే హార్మోన్లే ఉండే క్రీమ్, కలిపి పంపుతామంటున్నారు. ఏది వాడమంటారు?

జవాబు: మీకు గర్భసంచి ఉన్నట్లయితే డాక్టరమ్మ రాసినవే వాడమంటాను. ఈస్ట్రోజన్ ఆవిర్లను తగ్గిస్తుంది, కానీ దాన్ని ఒంటరిగా వాడితే గర్భసంచి లోపలి పొర మందంగా పెరుగుతూ పోతుంది, ఏళ్ల తరబడి అలాగే సాగితే అది క్యాన్సర్‌కు దారితీయవచ్చు. ఆ పెరుగుదలను అదుపులో ఉంచడానికే ప్రొజెస్టిరాన్ ఇస్తారు. ఒంటికి రాసుకునే ప్రొజెస్టిరాన్ క్రీమ్ ఆ పనికి చాలినంతగా రక్తంలోకి చేరుతుందన్న భరోసా లేదు, ఉమ్మి పరీక్ష ఆ లోటును బయటపెట్టకపోగా కప్పిపుచ్చుతుంది.

కావలిలో ఉండే మా వదినకు సరిగ్గా ఇదే జరిగింది. నెలసరి ఆగిన రెండేళ్లకు, 52వ ఏట, ఆవిడ ఇలాంటి ఒక సెంటర్‌కు ఉమ్మి నమూనా పంపారు. రెండు హార్మోన్లూ తక్కువగా ఉన్నాయని రిపోర్టు వచ్చింది. నెలసరి ఆగిన ఏ స్త్రీకైనా అలాగే వస్తుంది కనుక, దానికి డబ్బు కట్టనవసరమే లేదు. ఈస్ట్రోజన్‌లోనే రెండు రకాలైన ఈస్ట్రియాల్ నాలుగు పాళ్లు, ఈస్ట్రడియాల్ ఒక పాలు కలిపిన క్రీమ్ ఒకటి, ప్రొజెస్టిరాన్ క్రీమ్ ఒకటి పంపారు. ఆవిర్లు నిజంగానే తగ్గాయి, ఎందుకంటే అందులో ఈస్ట్రోజన్ ఉంది. మూడు నెలల తరువాత మళ్లీ ఉమ్మి పరీక్ష చేస్తే ప్రొజెస్టిరాన్ పరిమితిని మించి ఎన్నో రెట్లు ఉన్నట్టు వచ్చింది. అది చూసి వాళ్లు ప్రొజెస్టిరాన్ క్రీమ్‌ను సగానికి తగ్గించమని, ఈస్ట్రోజన్ క్రీమ్‌ను యథాతథంగా వాడమని చెప్పారు.

ఆ సలహా పూర్తిగా తలకిందులు. చర్మానికి ప్రొజెస్టిరాన్ రాసుకున్న వారి ఉమ్మిలో ఆ హార్మోన్ విపరీతంగా కనిపించడం, అదే సమయంలో రక్తంలో కొద్దిగానే ఉండడం పరిశోధనల్లో తేలిన విషయమే. క్రీమ్ అంటిన వేళ్లు పెదవులకో నమూనా గొట్టానికో తగిలినా అంకె పెరిగిపోతుంది. పైగా, ఉమ్మిలో ఇంత ఉంటే గర్భసంచి పొర క్షేమంగా ఉన్నట్టు అని చెప్పగల కొలమానం ఏదీ ఇంతవరకు నిర్ధారణ కాలేదు.

కొన్ని నెలలకు వదినకు మళ్లీ ఎరుపు కనిపించింది. నెల్లూరులో గైనకాలజిస్ట్ యోని ద్వారా స్కాన్ చేస్తే లోపలి పొర 11 మిల్లీమీటర్లు ఉంది. నెలసరి ఆగాక రక్తస్రావం అయినవారిలో ఈ మందం 4 మిల్లీమీటర్లు దాటితే బయాప్సీ, అంటే పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష, చేస్తారు. అదృష్టవశాత్తు కణాల్లో క్యాన్సర్ వైపు వెళ్లే మార్పులు లేవు, పొర అతిగా పెరగడం మాత్రమే ఉంది. క్రీములు రెండూ ఆపించి, గర్భసంచిలో హార్మోన్ విడుదల చేసే సాధనం అమర్చారు. ఆరు నెలల తరువాత చేసిన బయాప్సీ మామూలుగా వచ్చింది. ఆ క్రీమ్ డబ్బాల మీద ఆవిడ పేరు ముద్రించి ఉంది గానీ, బ్యాచ్ నంబరు, హెచ్చరికల కాగితం లేవు. హెచ్చరిక లేకపోవడాన్ని ప్రమాదం లేకపోవడంగా తీసుకునేవారు మనలో చాలామందే ఉన్నారు.

ఇక బయోఐడెంటికల్ అన్న గుణం ఆ సెంటర్ల సొత్తేమీ కాదు. మందుల షాపులో చీటీ మీద దొరికే జెల్‌లోని ఈస్ట్రడియాల్, క్యాప్సూల్‌లోని మైక్రోనైజ్డ్, అంటే సన్నటి రేణువులుగా చేసిన, ప్రొజెస్టిరాన్ మన శరీరం తయారుచేసే అణువులే. హార్మోన్ మందుల మీద 2002లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనం జనాన్ని భయపెట్టిన మాట నిజమే గానీ, అందులో వాడినవి గుర్రం మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్లు, ప్రొజెస్టిరాన్‌ను పోలిన కృత్రిమ మందైన మెడ్రాక్సీ ప్రొజెస్టిరాన్. ఆ భయాన్నే ఇప్పుడు క్రీములు అమ్మడానికి వాడుకుంటున్నారు. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఇలాంటి ప్రచారం చేస్తున్న ఫార్మసీలను 2008లోనే హెచ్చరించింది.

నెలసరి ఇంకా పూర్తిగా ఆగనివారికి ప్రొజెస్టిరాన్‌ను సాధారణంగా నెలకు 12 రోజులు రాత్రి పూట 200 మిల్లీగ్రాములు, ఆగిపోయినవారికి రోజూ 100 మిల్లీగ్రాములు ఇస్తారు. మత్తుగా ఉంటుంది కనుక పడుకునే ముందు వేసుకోవడం మంచిది. నిద్ర పట్టనివారికి అది ఒక విధంగా లాభమే. 45 దాటినవారికి లక్షణాలను బట్టే మెనోపాజ్ నిర్ణయిస్తారు, మోతాదును సరిచేసేదీ లక్షణాలను బట్టే, అంకెలను బట్టి కాదు. ఈ మందులకూ ప్రమాదాలు లేకపోలేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, రక్తం గడ్డలు కట్టినవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. మొదటి మూడు నాలుగు నెలల్లో అడపాదడపా ఎరుపు కనిపించడం మామూలే గానీ, ఆరు నెలలు దాటాక కూడా కనిపిస్తున్నా, పూర్తిగా ఆగి మళ్లీ మొదలైనా స్కాన్ చేయించుకోండి.