పిల్లాడికి తెలుగు యాప్ కొనే ముందు ఇవి చూడు, స్వప్నా

స్వప్నా,

నువ్వు పంపిన నాలుగు లింకులూ తెరిచి, నా ఫోన్లోనే వేసుకుని చూశాను. ఏది కొనమంటావు పెద్దమ్మా అని అడిగావు. కొనడం సంగతి తర్వాత, ముందు ఇవి ఏం నేర్పుతాయో ఏం నేర్పవో తెలుసుకో. నాలుగూ దాదాపు ఒకేలా ఉన్నాయి. అ దగ్గర మొదలుపెట్టి ఱ దాకా వరసగా అక్షరం, బొమ్మ, గొంతు, వేలితో దిద్దడం, చప్పట్లు. దీనివల్ల బాబుకి అక్షరాలు గుర్తుపట్టడం వస్తుంది, అది మంచిదే. కానీ చదవడం అనేది అక్కడ ఇంకా మొదలే కాదు. ఒకటో తరగతికి అన్నేళ్ళు పాఠం చెప్పినదాన్ని, ఈ తేడా నాకు బాగా తెలుసు. గోడమీది చార్టు మొత్తం గడగడా చెప్పేసిన పిల్లాడే "తలుపు" అని రాసి చూపిస్తే నోరు తెరవడు.

బాబు నిజంగా గుర్తుపడుతున్నాడా లేదా అన్నది యాప్ ఇచ్చే స్టార్లని బట్టి చూడొద్దు. ఎలుక బొమ్మ కనపడితే ఎ అంటాడు, ఒంటె కనపడితే ఒ అంటాడు, అక్షరం వైపు చూడకుండానే. పాట అయితే మరీను, అ ఆ ఇ ఈ అని రాగంలో ఔ దాకా పోతాడు, మధ్యలో ఆపి ఏ చూపించు అంటే మళ్ళీ మొదట్నించీ పాడాలి వాడికి. అందుకని చిన్న కాగితం ముక్కల మీద ఒక్కో అక్షరం నీ చేత్తో రాసి, కలిపేసి, ఒకటొకటే చూపించు. నీ చేత్తోనే ఎందుకంటే, యాప్‌లో ఒకే ఫాంటు చూసి అలవాటైన పిల్లలు మనిషి చేతిరాత చూస్తే తడబడతారు. పుస్తకంలో అచ్చు ఒక రకం, పెళ్ళి కార్డు మీద ఇంకో రకం, అమ్మమ్మ ఉత్తరం మరో రకం. కాగితం ముక్క చూసి ఠక్కున చెబితే వచ్చినట్టు, ఆలోచించి వరస పాడుకుని చెబితే ఇంకా రానట్టు.

ఇక యాప్ ఎంచుకునేటప్పుడు నేను మొదట వినేది గొంతు. త, ట రెండూ నొక్కి విను. ఇంగ్లీషు బడికి వెళ్ళే పిల్లలకి ఈ రెంటి మధ్య తేడా సొంతంగా దొరకదు. వాళ్ళ నోట్లో ఉండే శబ్దం ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. యాప్‌లో మాట్లాడేది మనిషి అయి, తాత అన్నప్పుడు నాలుక పళ్ళకి తగిలినట్టు, టాటా అన్నప్పుడు వెనక్కి మడిచినట్టు స్పష్టంగా వినపడితే పరవాలేదు. తర్వాత కల, కళ విను. యంత్రం గొంతయితే చాలాచోట్ల ఇక్కడే దొరికిపోతుంది. ఇంకోటి, కొన్నిటిలో క ని "కాాా" అని సాగదీసి పలుకుతారు, పిల్లలకి బాగా వినపడాలని కాబోలు. రేపు దీర్ఘం వచ్చినప్పుడు క కీ కా కీ తేడా ఏమని చెబుతాం? నువ్వు పంపిన వాటిలో రెండు నేను పక్కన పెట్టింది దీనికే.

అక్షరం కింద ఇంగ్లీషు స్పెల్లింగ్ చూపించే యాప్ అయితే సెట్టింగ్స్‌లో అది ఆపేసే వీలుందో లేదో చూడు, లేకపోతే వద్దు. బాబుకి ఇప్పటికే ఇంగ్లీషు చదవడం వస్తోంది కాబట్టి వాడి కన్ను సులువైన దాని మీదికే పోతుంది. పైగా ట కీ త కీ కింద `ta` అనే ఉంటుంది, ల కీ ళ కీ `la` అనే, న కీ ణ కీ `na` అనే.

ఒత్తులు సరిగ్గా కనపడుతున్నాయా అన్నది కూడా ఒకసారి చూసుకో. జ్ఞానం, లక్ష్మి, స్త్రీ, ఈ మూడూ ఎక్కడైనా ఉంటే చూడు. విడివిడిగా విరిగిపోయి, మధ్యలో చుక్కల గుండ్రం కనపడితే ఆ యాప్ చేసినవాళ్ళు తెలుగు వచ్చిన మనిషికి చూపించలేదనే లెక్క. మన ఒత్తులు ఫోన్లకి ఎప్పుడూ కష్టమేలే. 2018 ఫిబ్రవరిలో మన జ్ఞా ఒక్కటి మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి, చివరికి ఆపిల్ వాళ్ళు 11.2.6 అని ప్రత్యేకంగా అప్‌డేట్ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మా అల్లుడుగారికి గుర్తుండే ఉంటుంది, అడుగు.

ఇప్పుడు అసలు పద్ధతి చెబుతాను. యాప్ నడిపే వరసలో బాబుని నడిపించకు. ఆ వరసలో పోతే ఋ, ఌ, ఙ, ఞ అన్నీ దాటుకుంటూ వెళ్ళాలి. ఝ దగ్గర వాళ్ళు ఏ బొమ్మ పెట్టినా అది డాలస్‌లో పెరిగే పిల్లాడికి తెలియని మాటే అవుతుంది. 56 అక్షరాలూ అయ్యాక గానీ మొదటి మాట చదవకూడదంటే ఏ పిల్లాడికైనా విసుగే. పది అక్షరాలు తీసుకో: అ, ఆ, ఈ, క, గ, ట, డ, త, ప, ల. యాప్‌లో ఇవి మాత్రమే తెరిచి వినిపించు, దిద్దించు. చాలా యాప్‌లలో అక్షరాల పట్టిక నుంచి కావలసినది నొక్కే వీలుంటుంది. వరసగా ఒక్కోటి పూర్తిచేస్తే తప్ప తాళం తీయని యాప్ మనకి పనికిరాదు.

ఈ పదే ఎందుకంటే వీటితో అప్పుడే మాటలు చదవచ్చు. అల, కల, తల, ఆట, ఈత, ఈగ, ఈల, పలక, గడప, అటక. కడప కూడా చదివేస్తాడు, మ్యాప్‌లో చూపించు. పైగా ఇవి చూపుకి ఒకదానితో ఒకటి పెద్దగా పోలవు, అ ఆ, అ ల మాత్రం కాస్త చూసుకోవాలి. బ భ, ద ధ థ, ప ష స, వ మ ఇలాంటి జంటలు ఒకే వారంలో రాకుండా చూడు. ఒకటి గట్టిపడ్డాకే దాని జోడీ తెరవాలి. యాప్‌లు వర్గం ప్రకారం పోతాయి కాబట్టి థ ద ధ పక్కపక్కనే వచ్చి పడతాయి, పిల్లలు తికమకపడేది అక్కడే.

ఈ పదీ వచ్చాక మిగతా హల్లుల కోసం ఆగకుండా గుణింతంలోకి దిగు. యాప్‌లో గుణింతం అంటే పెద్ద పట్టిక, 36 హల్లులకి పన్నెండేసి చొప్పున వేసుకున్నా నాలుగు వందలు దాటే గళ్ళు. అది బాబుకి చూపించకు. ఒక్కసారి ఒక్క గుర్తే. ముందు దీర్ఘం: తాత, పాట, పాప. క కి తలకట్టు తీసేసి దీర్ఘం పెట్టడం బోర్డు మీద నువ్వే రాస్తూ చూపించు, ఎందుకంటే యాప్ తయారైన కా ని చూపిస్తుంది గానీ తలకట్టు పోయిన సంగతి చూపించదు. తర్వాత గుడి: కాకి, గాలి, ఆకలి. తర్వాత కొమ్ము: ఆకు, పాలు, పులి, గుడి, అడుగు, తలుపు. చూశావా, పది అక్షరాలు, మూడు గుర్తులు, తలుపు దాకా వచ్చేశాడు. పు దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగు. పు, వు లకి కొమ్ము మిగతా వాటిలా కుడిపక్కన కాకుండా కిందికి దిగి ఉంటుంది. వ కి కూడా పక్కనే పెడితే మ లా కనపడుతుంది మరి.

ఇంట్లో వాడి నోట్లో ఎప్పుడూ నలిగే మాటలన్నీ ఒత్తులున్నవే కావడం చిత్రం. అమ్మ, అన్న, అక్క, అత్త, అయ్య, పిల్లి, కుక్క. ఇందులోనూ మ, న, త, య, ల, ఇంకా ర ఒత్తులు అసలు అక్షరంలా ఉండవు, కాబట్టి పోలిక చూసి పట్టుకోవడం కుదరదు. వీటిని ముందు బొమ్మలా గుర్తుపెట్టుకోనీ, అమ్మ అన్నది మొత్తం ఒక ఆకారంగా చదివేసినా తప్పులేదు. ఒత్తుల పాఠం దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం గట్టిపడ్డాక చాలు. చాలా యాప్‌లు అసలు అక్కడిదాకా రావు, వచ్చినా క ఒత్తు, ఖ ఒత్తు అని మళ్ళీ పట్టికే. అక్కణ్ణించి యాప్ వదిలేసి పుస్తకంలోకి వెళ్ళిపో. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, మొదటి స్థాయి వాటిలో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలే ఉంటాయి. డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసుకో. ముందు నువ్వు చదివి చూసుకుని, తెలియని అక్షరాలు ఎక్కువున్న పేజీలు నువ్వే చదివేయి, వాడికి వచ్చిన మాట రాగానే వేలు పెట్టి ఆగు.

దిద్దడం గురించి అడిగావు. గాజు మీద వేలితో చుక్కలు కలపడం చెయ్యి తిరగడానికి పనికొస్తుంది, అంతకుమించి కాదు. వేలు ఎటునుంచి ఎటు తిప్పినా చాలామటుకు యాప్ ఒప్పేసుకుంటుంది. దిద్దాక ఫోను బోర్లా పెట్టి, తెల్లబోర్డు మీద చూడకుండా రాయమను. రాకపోతే ఇంకోసారి చూడనీ, మళ్ళీ బోర్లా. మొత్తం కలిపి రోజుకి పది నిమిషాలు, వాడు ఇంకా కావాలంటున్నప్పుడే ఆపేయి.

ఒకటి మాత్రం ఏ యాప్‌లోనూ దొరకనిది, నీ ఫోన్లో ఇప్పటికే ఉన్నది చెబుతాను. తెలుగు కీబోర్డు. ఇంగ్లీషులో కొడితే తెలుగులోకి మారేది కాదు, అందులో `taata` అని కొడితే వాడు నేర్చుకునేది మళ్ళీ ఇంగ్లీషే. తెలుగు అక్షరాలు పరిచి ఉండేది పెట్టు. త నొక్కి దీర్ఘం నొక్కితే కళ్ళముందే తా అవుతుంది, మళ్ళీ త నొక్కితే తాత. ఒత్తు కూడా అంతే. అ, మ, తర్వాత పొల్లు, మళ్ళీ మ నొక్కితే, రెండో మ తనంతట తనే కిందికి దిగి ఒత్తవుతుంది. పట్టికలో చూసి బట్టీపట్టిన దానికంటే ఇది పిల్లలకి తొందరగా ఎక్కుతుంది, ఎందుకంటే ఏది ఏ ముక్కలతో తయారైందో వాళ్ళ వేలే చేస్తుంది. రోజూ మీ పెదనాన్నకి ఒక్క మాట వాట్సాప్‌లో పంపమను. పాలు, పులి, ఏదైనా సరే. తప్పులుంటే నువ్వు దిద్ది పంపకు, వాడు కొట్టినట్టే రానీ, ఆయన అదే మాట సరిగ్గా రాసి బొమ్మతో తిరిగి పంపుతారు. ఆయనకీ కాలక్షేపం.

నీ లింకుల్లో మూడోది తీసుకో. గొంతు మనిషిది, ఇంగ్లీషు స్పెల్లింగ్ ఆపేయొచ్చు, కావలసిన అక్షరం కావలసినప్పుడు తెరుచుకుంటుంది. ఏడాదికి కట్టకు, నెలకి కట్టు, ఈ పద్ధతిలో పోతే నాలుగైదు నెలలకి మించి దాంతో పని ఉండదు. రద్దు చేసే తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో వేసుకో.

పెద్దమ్మ