వారంటీ దాటాక కంప్లైంట్: లెటర్‌లో ఏ తేదీ ముందు రాయాలి

“ఫ్రిజ్ కొని 13 నెలలైంది, కూలింగ్ లేదు. నాలుగు నెలల క్రితం కూడా ఇలాగే అయితే ఫోన్ చేశాను, ఎవరో వచ్చి చూసి వెళ్లారు. ఇప్పుడు వారంటీ అయిపోయిందంటున్నారు. కొన్నాక ఎంతకాలం వరకు కంప్లైంట్ పెట్టొచ్చు? లెటర్‌లో గడువు గురించి ఎలా రాయాలి?”

మీరు రాసిన దాంట్లో “నాలుగు నెలల క్రితం” అన్న మాటే అన్నిటికంటే ముఖ్యమైందండీ. అప్పటికి మీ ఫ్రిజ్ కొని తొమ్మిది నెలలే. ఏడాది వారంటీ అయితే సమస్య వారంటీలోనే మొదలైంది, మీరు వాళ్లకి చెప్పింది కూడా వారంటీలోనే. ఇక కావాల్సిందల్లా దానికి రుజువు.

నాకు ఇది వాషింగ్ మెషిన్‌తో జరిగింది. 2022 ఆగస్టు 6న బిల్లు, 9న ఇంటికొచ్చింది, ఏడాది వారంటీ. 2023 జూన్‌లో బట్టలు పిండేటప్పుడు గరగరమని శబ్దం మొదలైంది. 18న ఫోన్ చేసి కంప్లైంట్ రాయించాను, 21న మెకానిక్ వచ్చి కింద కాళ్లు సరిచేసి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లాడు. కొన్నాళ్లు శబ్దం తగ్గినట్టే అనిపించింది కానీ పూర్తిగా పోలేదు. ఆగస్టు 27న డ్రమ్ తిరగడం ఆగిపోయింది. అంటే వారంటీ ముగిసిన మూడు వారాలకి.

కంగారులో నేను మొదట పంపిన మెయిల్ ఇది: “సంవత్సరం క్రితం కొన్న మెషిన్ నిన్న పాడైంది, వారంటీ ఈమధ్యే అయిపోయిందని తెలుసు, అయినా దయచేసి సాయం చేయండి.” రెండు రోజుల్లో జవాబు వచ్చింది. మీరే రాసినట్టు వారంటీ ముగిశాక వచ్చిన సమస్య కాబట్టి రిపేర్ ఖర్చు మీదే అని. నా మాటల్నే నాకు తిప్పి పంపారు, పైగా అందులో తప్పేమీ లేదు, నేను రాసింది అదే. జూన్ సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు.

అప్పుడు కూర్చుని అన్నీ వెతికాను. జూన్ 18న వచ్చిన మెసేజ్‌లో కంప్లైంట్ నంబర్ ఉంది. మెకానిక్ ఇచ్చిన కాగితంలో “స్పిన్‌లో శబ్దం” అని ఉంది. ఈలోగా బయటి మెకానిక్‌ని పిలిపించి చూపిస్తే, సీల్ లోంచి నీళ్లు కారి బేరింగ్ తుప్పు పట్టిందని చెప్పాడు, నేను ఫోటోలు తీసి పెట్టుకున్నాను. (ఆయన్ని విప్పి చూడమన్నాను గానీ ఏదీ మార్చనివ్వలేదు. పార్టు మార్చేస్తే పాత సమస్య చూపించడానికి ఇంకేమీ మిగలదు, పైగా బయటివాళ్లు చెయ్యి పెట్టారని అదో వంక అవుతుంది.) బేరింగ్ ఒక్కరోజులో అలా తుప్పు పట్టదు, ముందు శబ్దం వస్తుంది, తర్వాత బిగుసుకుంటుంది. కాబట్టి జూన్ శబ్దం, ఆగస్టులో ఆగిపోవడం రెండు సమస్యలు కావు, ఒకే సమస్యకి మొదలూ చివరా. రెండో లెటర్ మొత్తం ఈ ఒక్క విషయం మీదే రాశాను.

గడువు గురించి అందులో రాసింది ఇంతే:

“ఈ మెషిన్ 2022 ఆగస్టు 6న కొన్నాను, 9న నాకు అందింది. స్పిన్‌లో శబ్దం వస్తోందని 2023 జూన్ 18న, అంటే వారంటీ కాలంలోనే, మీకు తెలియజేశాను (కంప్లైంట్ నంబర్ జతచేశాను). జూన్ 21న మీ మెకానిక్ వచ్చి చూశారు, కానీ అసలు కారణమైన సీల్, బేరింగ్‌లను సరిచేయలేదు. ఆగస్టు 27న మెషిన్ ఆగిపోవడం అదే సమస్య కొనసాగింపు. కాబట్టి నా కంప్లైంట్ తేదీని 2023 జూన్ 18గానే పరిగణించాలి. ఈ లెటర్ అందిన 14 రోజుల్లోగా ఉచితంగా రిపేర్ చేయాలని, కుదరకపోతే కారణం రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను. ఇంతకుముందు పంపిన మెయిల్‌లో జూన్ కంప్లైంట్ ప్రస్తావన లేదు, దాని బదులు ఈ లెటర్‌ని పరిగణించగలరు.”

తొమ్మిదో రోజున ఫోన్ వచ్చింది. సీల్, బేరింగ్ రెండూ ఉచితంగా మార్చారు. విజిటింగ్ ఛార్జీ అడిగారు గానీ, జూన్ కంప్లైంట్ కిందే వచ్చారు కదా అంటే వదిలేశారు.

మీ లెటర్‌లో “వారంటీ అయిపోయిందని తెలుసు” అని మాత్రం ఎక్కడా రాయకండి. మర్యాదకి రాసినా అది ఒప్పుకోలు కిందే లెక్క. “కొన్ని నెలల క్రితం” లాంటి మాటలూ వద్దు, తేదీ వేయండి. ఫోన్ చేసిన రోజు గుర్తులేకపోతే కాల్ లిస్ట్, మెసేజ్‌లు చూడండి, లేదా ఆ రోజు వచ్చిన వ్యక్తి రాసిన కాగితం ఉందేమో చూడండి. ఏదీ దొరక్కపోతే మీ పేరు మీద నమోదైన సర్వీస్ హిస్టరీ ఇవ్వమని వాళ్లనే రాతలో అడగండి. అలాగే అప్పటి సమస్యా ఇప్పటి సమస్యా ఒకటేనని చూపించాలి. అప్పుడు తలుపు రబ్బరు ఊడి, ఇప్పుడు కంప్రెసర్ పోయిందంటే ఈ వాదన నిలబడదు. అందుకే ఇప్పుడు చూసే మెకానిక్‌తో కారణం రాయించుకోండి.

ఇక ఎంతకాలం అన్నదానికి, వారంటీ వేరు, చట్టం ఇచ్చే గడువు వేరు. వారంటీ అయిపోయినంత మాత్రాన కంప్లైంట్ హక్కు పోదు. ఆ గడువు దేశాన్ని బట్టి మారుతుంది, ఏ రోజు నుంచి లెక్కపెట్టాలో కూడా మారుతుంది. మీరు ఎక్కడ కొన్నారో రాయలేదు. ఇండియాలో అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వినియోగదారుల కమిషన్‌లో కంప్లైంట్ వేయడానికి రెండేళ్లు, అదీ కొన్న రోజు నుంచి కాదు, కంప్లైంట్‌కి కారణం పుట్టిన రోజు నుంచి. ఆలస్యమైతే తగిన కారణం చూపించి అనుమతి అడగొచ్చు, కానీ ఇస్తారన్న గ్యారంటీ లేదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో వస్తువు చేతికి అందిన రోజు నుంచి కనీసం రెండేళ్లు అమ్మినవాళ్లదే బాధ్యత. బ్రిటన్‌లో వస్తువు తిరిగిచ్చేసి డబ్బు వెనక్కి అడగడానికి మొదటి 30 రోజులు, ఆ తర్వాత రిపేర్ లేదా మార్పిడి అడగాలి.

సెక్షన్ నంబర్ లెటర్‌లో వేయాలనుకుంటే చివర ఒక్క వాక్యంలో వేయండి, మొదట్లో వద్దు. లెటర్ చదివేవాళ్లకి ముందు తేదీలు కనపడాలి. పైగా గడువు తప్పుగా రాస్తే, ఉదాహరణకి కమిషన్‌కి వెళ్లే రెండేళ్లని వారంటీ అన్నట్టు రాస్తే, ఆ ఒక్క తప్పు పట్టుకుని మిగతా లెటర్‌ని పక్కన పెట్టేస్తారు.

ఒక్క విషయంలో మాత్రం నిజంగా జాగ్రత్తగా ఉండండి. లెటర్లు రాస్తూ, వాళ్ల జవాబుకి ఎదురుచూస్తూ ఉంటే చట్టం గడువు ఆగిందనుకోకండి. ఇండియాలో ఉత్తరప్రత్యుత్తరాలు నడిచినంత మాత్రాన ఆ గడువు పొడిగించరు. “చూస్తున్నాం, పై వాళ్లకి పంపాం” అంటూ నెలలు జరిపేస్తారు. మీరు మొదటిసారి ఫోన్ చేసిన తేదీ నుంచే రెండేళ్లు లెక్కపెట్టుకుని, ఆ చివరి రోజుకి ఆరు నెలల ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి, అప్పటికీ తేలకపోతే కమిషన్ పేపర్లు మొదలుపెట్టండి. మొదటి ఫోన్ తేదీ దొరికిందా? దొరికితే ఇక్కడే రాయండి, లెటర్‌లో ఆ పేరా ఎలా ఉండాలో చూద్దాం.