17.35 ఘడియల్లో ఆ చుక్క ఏమిటి?

సందేహం: పంచాంగంలో తిథి 17.35 ఘడియల వరకు అని ఉంది. ఘడియకు 24 నిమిషాలు కదా అని 17.35ని 24తో హెచ్చవేస్తే 6 గంటల 56 నిమిషాలు వచ్చింది. పక్కన గంటల్లో ఇచ్చిన సమయంతో కలవడం లేదు. ఈ అరవైల లెక్క ఎందుకు? పదుల్లో పెట్టుకోకూడదా?

సమాధానం: అక్కడి చుక్క దశాంశ బిందువు కాదు. ఎడమవైపు ఘడియలు, కుడివైపు విఘడియలు. ఘడియకు 60 విఘడియలు కాబట్టి 35 అంటే సగానికి పైనే. రెండు భాగాలనూ విడివిడిగా మార్చుకోవాలి. 17 ఘడియలు 408 నిమిషాలు. విఘడియకు 24 సెకన్లు, అంటే 35 విఘడియలు 14 నిమిషాలు. మొత్తం 7 గంటల 2 నిమిషాలు. దాన్ని ఆనాటి సూర్యోదయానికి కలపాలి. సూర్యోదయం 6 గంటల 5 నిమిషాలకైతే తిథి మధ్యాహ్నం 1 గంట 7 నిమిషాల దాకా ఉంటుంది. మీకు తేడా వచ్చిన ఆరు నిమిషాలూ ఆ చుక్క చేసిన పనే. అందుకే చుక్కకు బదులు 17-35 అని గీత పెట్టి రాయడం మేలని నా అభిప్రాయం.

ఇక అరవై సంగతి. పదిని రెండు, ఐదు మాత్రమే శేషం లేకుండా భాగిస్తాయి. పన్నెండుకు మూడు, నాలుగు, ఆరు కుదురుతాయి గాని ఐదు కుదరదు. ఒకటి నుంచి ఆరు దాకా అన్నిటికీ లొంగే అతి చిన్న సంఖ్య అరవై. రాశిచక్రం 360 భాగలను, అంటే డిగ్రీలను, 27 నక్షత్రాలకు పంచి చూడండి. దశాంశాల్లో 13.333... అంటూ తెగకుండా సాగుతుంది. అరవైల్లో, భాగకు 60 కలల చొప్పున, 13 భాగల 20 కలలతో సరిపోతుంది. నక్షత్ర పాదం 3 భాగల 20 కలలు, అలాంటివి తొమ్మిదైతే సరిగ్గా 30 భాగలు, ఒక రాశి. అలాగని అరవై అన్నిటికీ లొంగదు. రోజులోని 60 ఘడియలను ఏడుతో భాగిస్తే 8 ఘడియల 34 విఘడియల తర్వాత కూడా శేషం మిగులుతూనే ఉంటుంది.

కోణాలకు ఈ పద్ధతి బాబిలోనియా ఖగోళ లెక్కల నుంచి గ్రీకులకు, అక్కడి నుంచి ప్రపంచానికి వచ్చింది. రోజుకు 24 గంటలు ఈజిప్టు వారి పగలు పన్నెండు, రాత్రి పన్నెండు విభజన నుంచి వచ్చాయి. మన వేదాంగ జ్యోతిషమూ రోజును 60 నాడికలుగానే, అంటే ఘడియలుగానే చెప్పింది.

అరవైకి పెద్ద ఇబ్బంది, అంకెలు. పూర్తిగా అందులోనే రాయాలంటే 0 నుంచి 59 దాకా అరవై వేర్వేరు గుర్తులు, 59 దాకా ఎక్కాలు కావాలి. బాబిలోనియా వారు కూడా 35ను మూడు పది గుర్తులు, ఐదు ఒకటి గుర్తులతోనే రాశారు. మనం చేస్తున్నదీ అదే: పంచేది అరవైల్లో, రాసేది పదుల్లో. ఫ్రాన్సులో 1793లో రోజుకు పది గంటలు, గంటకు వంద నిమిషాలు అని చట్టం చేశారు గాని 1795లోనే ఆపేశారు. సెకను కన్నా చిన్న కాలానికి మాత్రం దశాంశమే గెలిచింది. పరుగు పందెంలో 9.58 సెకన్లంటే ఆ చుక్క అసలైన దశాంశ బిందువే.