పేవర్ బ్లాక్స్ కోసం యాప్ లోనా? ముందు టేపు పట్టుకోండి

"సార్ నమస్తే. మాది ఒంగోలు దగ్గర. గేటు నుంచి పోర్టికో దాకా 30 అడుగులు, వెడల్పు 12. గేటు బయట రోడ్డు దాకా ఇంకో 5 అడుగులు, రోడ్డు దగ్గర 16 వెడల్పు వస్తది. పేవర్ బ్లాక్స్ వేయిద్దామంటే మేస్త్రీ కోణం డిజైన్‌కి 500 అడుగుల బ్లాక్స్ (అడుగు 44), పరిచినందుకు అడుగుకి 16, ఇసుక రెండు ట్రాక్టర్లు (ఒకటి 4,500), అంచు రాళ్ళ కర్బింగ్ 6,000, మొత్తం 45,000 అన్నాడు. చేతిలో 25,000 ఉంది. జీతంలో నెలకి 4,000 మిగులుద్ది, ఇంటి ఖర్చు 24,000. ఎఫ్‌డీ 70,000 ఉంది. మిగతా 20,000 లోన్ యాప్‌లో తీసుకోమంటారా, ఎఫ్‌డీ తీసేయమంటారా? యాప్‌లో 18,400 చేతికొచ్చి ఆరు నెలలు 3,900 కట్టాలి."

రెండూ వద్దు. యాప్ సంగతి ముందు తేల్చేద్దాం. చేతికొచ్చేది 18,400, మీరు కట్టేది 23,400. నెలకి ఏడు శాతం పైన పడుతుంది వడ్డీ. నేల మీద పరిచే రాళ్ళ కోసం ఈ వడ్డీ ఎవరైనా కడతారా అండీ! నెలకి 4,000 మిగిలే ఇంట్లో 3,900 కిస్తీ పెట్టుకుంటే ఆరు నెలలు చేతిలో వంద రూపాయలు మిగులుద్ది, ఈ లోపు ఒక జ్వరం వస్తే ఇంకో యాప్. నా దగ్గరికి వచ్చే అప్పుల కేసులు చాలా వరకు ఇట్టాగే మొదలైనయ్యే.

ఎఫ్‌డీ అంటారా, 70,000 అంటే మీ ఇంటికి మూడు నెలల ఖర్చు కూడా కాదు. ఆరు నెలలది, అంటే 1,44,000 ఉండాల్సిన చోట సగం కూడా లేదు. దాంట్లో 20,000 తీస్తే రెండు నెలల ఖర్చే మిగులుద్ది. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో పడినా మీకున్నది అదొక్కటే. ఇల్లు బాగుచేసుకోడానికి పెట్టుకున్న డబ్బు కాదది.

మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నది ఇంకో కారణానికి. లోటు 20,000 అని మీరు నమ్మేశారు, కొలత చూడకుండానే. ఇల్లు కట్టుకునేవాళ్ళు ఎక్కువమంది చేసే తప్పు ఇదే, మేస్త్రీ చెప్పిన అంకె పట్టుకుని నేరుగా అప్పు వెతుక్కుంటారు.

చూద్దాం. గేటు లోపల 30 ఇంటూ 12, 360 అడుగులు. బయట ముక్క ఒక వైపు 12 ఒక వైపు 16, సగటు 14, ఇంటూ 5 అంటే 70. మొత్తం 430. కోణం డిజైన్ అంటే 45 డిగ్రీల్లో పరిచేది, దానికి రెండు అంచుల పొడవునా ప్రతి బ్లాకూ మూలగా కోయాలి, కోసిన మిగతా ముక్క చాలాసార్లు ఇంకెక్కడా పనికిరాదు, అందుకని వేస్టేజీ పది శాతం వేసుకుంటారు. అట్టా వేసినా 473 వస్తది గానీ 500 రాదు. మిగతా 27 అడుగులు ఎందుకో మేస్త్రీని అడగండి.

ఇప్పుడు ఆ డిజైన్ మానేసి ఇటుక వరస లాగా నేరుగా పరిస్తే ఏమవుద్దో చూడండి. 200 ఇంటూ 100 మిల్లీమీటర్ల బ్లాక్, సందుకి 3 మిల్లీమీటర్లు కలిపి 203 పడుతుంది, పద్దెనిమిది బ్లాకులు పెడితే 3,654, మీ 12 అడుగులు 3,658. అంటే కోత లేకుండా సరిపోతుంది! వరస విడిచి వరసకి అర బ్లాకుతో మొదలెట్టాలి కాబట్టి ఒక బ్లాక్ కోస్తే ఆ రెండు ముక్కలూ అదే వరస రెండు చివర్లకి పోతయ్. పారేసేది దాదాపు ఏమీ ఉండదు. పగుళ్ళకీ, పోర్టికో దగ్గర కోతకీ, రేపు ఒకటి రెండు మార్చాల్సొస్తే దాచుకోడానికీ కలిపి ఐదు శాతం చాలు.

ఇది కుదరాలంటే కర్బ్ రాయి కాంక్రీట్ పోయకముందే ఒక వరస ఎండుగా నేల మీద పరిచి చూడాలి. చాలామంది కర్బ్ ముందు పోసేసి తర్వాత బ్లాకులు పరుస్తారు. అప్పుడు మధ్యలో 11 అడుగుల 6 అంగుళాలు మిగిలిందనుకోండి, పదిహేడు బ్లాకులు పోగా రెండంగుళాల సందు ఉంటది. దాంట్లో పలచటి ముక్కలు దూరుస్తారు, కారు చక్రం అంచు ఎక్కితే అవి ముందు లేచిపోతయ్. బ్లాకులో మూడో వంతు కన్నా చిన్న ముక్క అంచున కనపడితే ఒప్పుకోవద్దు, కర్బ్‌ని రెండంగుళాలు జరపమనండి. నేను 12 అడుగులు రెండు కర్బ్‌ల మధ్య అనుకుని లెక్కేశాను. మీరు గోడ నుంచి గోడకి కొలిచుంటే నాలుగంగుళాల కర్బ్ రెండు వైపులా పోయి 340 అడుగులే పరిచేది.

గేటు బయట 70 అడుగులు ఇప్పుడు వద్దు. అది మీ స్థలం కాదు, కాలవకో పైపులైనుకో ఎప్పుడు తవ్వినా మీ డబ్బే పోద్ది. గేటు గీత దగ్గర అడ్డంగా కర్బ్ వేయించుకుని అక్కడితో ఆపేయండి.

ఇసుక దగ్గర అసలు కిటుకు ఉంది. బ్లాక్ కింద పరుపు ఇసుక కుదిరినాక 30 మిల్లీమీటర్లు ఉంటే చాలు, అడుగులో పదో వంతు. 360 అడుగులకి 36 ఘనపుటడుగులు. కంపాక్టర్ కింద దిగేదానికి పాతిక శాతం కలిపితే 45, చిందేది కలిపితే 50. ట్రాక్టర్ ట్రాలీ టేపుతో కొలవండి, 9 ఇంటూ 5 ఇంటూ 2 ఉంటే 90. ఒక ట్రిప్పే ఎక్కువ. తడి ఇసుక ఉబ్బి కనపడుద్ది కాబట్టి తక్కువ పడినట్టు లెక్కేసుకున్నా మీకు సరిపోతుంది, మిగిలింది ఎండబెట్టి జల్లిస్తే సందుల్లోకి పనికొస్తుంది.

మరి రెండు ట్రాక్టర్లు ఎందుకడిగాడు? కింద గ్రావెల్ లెవల్ చేయకుండా పల్లాల్ని ఇసుకతో నింపేస్తున్నాడని నా అనుమానం. మూడంగుళాల ఇసుకైతే 90, దిగుడు కలిపితే 112, అక్కడ రెండో ట్రిప్పు అవసరమైంది. ఆరు నెలల్లో చక్రాలు నడిచే రెండు గాళ్ళూ కిందికి దిగి వాన నీళ్ళు నిలుస్తయ్. ఇసుక పోయకముందే అంచు నుంచి అంచుకి దారం లాగి నేలకి కొలవండి. 60 మిల్లీమీటర్ల మందం బ్లాకూ 30 ఇసుకా కలిపి 90 ప్రతి చోటా రావాలి. ఎక్కువున్న చోట గ్రావెల్ వేసి కంపాక్టర్ కొట్టించండి. ఇసుక బదులు క్రషర్ డస్టు వేస్తానంటే వద్దనండి, మెత్తటి పొడి నీళ్ళు పట్టుకుని సందుల్లోంచి బురదగా పైకొస్తది.

ఇప్పుడు డబ్బు. బ్లాకులు 378, 380 అనుకుంటే 16,720. పరిచిన 360కే కూలీ, 5,760. ఇసుక 4,500. కర్బ్ రెండు వైపులా 60 అడుగులు, గేటు దగ్గర 12, అడుగుకి 80 చొప్పున 5,760. అంతా 32,740. మీ దగ్గర 25,000 ఉంది, లోటు 7,740. రెండు నెలలు ఆగితే 8,000 మీ జీతంలోనే వస్తుంది. మన వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాలు ఉంటయ్, తడి నేల మీద కుదిరించే పని సరిగ్గా రాదు కాబట్టి సంక్రాంతి తర్వాత పెట్టుకోండి.

బంగారం మీద అప్పు ఈ లోన్ యాప్ కంటే చాలా నయం, కానీ మీకు అక్కర్లేదు. ఇంట్లో అందరికీ ఆరోగ్య బీమా ఉందో లేదో రాయలేదు, లేకపోతే పేవర్ కంటే ముందు అది. పని అయిన నెల నుంచి ఆ 4,000 నేరుగా ఎఫ్‌డీ పక్కన ఆర్‌డీలో పడేట్టు పెట్టండి.

బ్లాకుల లారీ వచ్చిన రోజు దించేటప్పుడు దగ్గరుండి లెక్కపెట్టండి. చదరపు మీటరుకి 50 బ్లాకులు, 380 అడుగులకి దాదాపు 1,765. అంచులు విరిగినవి ఉంటే లారీ కదలకముందే పక్కన పెట్టించండి, బిల్లులో తగ్గించినాకే డబ్బులివ్వండి.