శుక్రవారం రాత్రి షిఫ్టు, శనివారం రేటు

ప్రశ్న: సర్, బీకాం పూర్తి చేశాను, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాను. మాదాపూర్‌లో ఒక ఆఫీసులో పేరోల్ ట్రైనీ పోస్టుకి టెస్ట్ రాశాను. శుక్రవారం రాత్రి 9 నుంచి శనివారం ఉదయం 6 దాకా షిఫ్టు, మధ్యలో 1:30 నుంచి 2:30 వరకు జీతం లేని బ్రేక్. మామూలు రోజు గంటకు 160 రూపాయలు, శని, ఆదివారాల్లో 240. షిఫ్టు శుక్రవారానిదే కదా అని 1,280 రాశాను. తప్పన్నారు. వచ్చే వారం ఇంకోచోట ఇలాంటి టెస్టే ఉంది. ఎలా చెయ్యాలి?

జవాబు: మీ గుణకారం తప్పు కాదు. రోజు ఎక్కడ మారుతుందో చూసుకోకుండా మొదలుపెట్టారు, అంతే. మన పంచాంగంలో వారం సూర్యోదయానికి మారుతుంది. ఇంట్లో కూడా తెల్లవారుజామున మూడింటి సంగతిని "శుక్రవారం రాత్రి" అనే చెప్పుకుంటాం. అటెండెన్స్ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం రాత్రి 12 దాటితే శనివారమే.

కంపెనీల్లో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, షిఫ్టు ఏ రోజు మొదలైతే మొత్తం ఆ రోజు రేటే. మీరు చేసింది ఇదే. రెండోది, 12 దగ్గర షిఫ్టును రెండు ముక్కలు చేసి దేని రేటు దానికి వెయ్యడం. మీకు టెస్ట్ పెట్టినవాళ్లు అడిగింది బహుశా ఇదే. 9 నుంచి 12 దాకా 3 గంటలు, 160 చొప్పున 480. 12 నుంచి 6 దాకా 6 గంటలు, అందులో బ్రేక్ గంట తీసేస్తే 5, 240 చొప్పున 1,200. మొత్తం 1,680.

బ్రేక్‌ని ఎటువైపు తీశానో గమనించండి. అదే బ్రేక్ రాత్రి 11కి తీసుకుని ఉంటే మామూలు గంటలు 2, వీకెండ్ గంటలు 6 అయ్యేవి. అప్పుడు 320, 1,440 కలిపి 1,760. పనిచేసింది అదే 8 గంటలు, తేడా 80 రూపాయలు. అందుకే ముందు మొత్తం గంటల్లోంచి బ్రేక్ తీసేసి తర్వాత విడగొట్టకండి. ముందు విడగొట్టి, బ్రేక్ పడిన ముక్కలోంచి తియ్యండి.

రెండు పద్ధతుల్లో ఏది న్యాయం అని అడుగుతారేమో. ఆదివారం రాత్రి ఇవే వేళలతో షిఫ్టు తీసుకోండి. విడగొడితే వీకెండ్ 3 గంటలకు 720, సోమవారం 5 గంటలకు 800, మొత్తం 1,520. మొదలైన రోజు పద్ధతిలో 8 గంటలకూ 240 చొప్పున 1,920. ఇప్పుడు శుక్ర, ఆదివారాలు రెండూ కలపండి. ఏ పద్ధతిలోనైనా 3,200 వస్తుంది. ప్రమాదం ఎక్కడంటే, శుక్రవారానికి ఒక పద్ధతి, ఆదివారానికి ఇంకోటి వాడితే. 1,280, 1,520 కలిపితే 2,800. ఆ మనిషికి 400 పోయినట్టే. నేను పేరోల్‌లో పనిచేసిన రోజుల్లో ఒకమ్మాయి రెండు స్లిప్పులు పక్కపక్కన పెట్టి సరిగ్గా ఈ తప్పే చూపించింది. రెండు వారాలు ఇద్దరు వేర్వేరు క్లర్కులు చేశారు, పాలసీ కాగితం ఎవరూ చూడలేదు. ఆ రోజు నాకు చాలా బాధనిపించింది. ఇక సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రులు చేసి, శని, ఆదివారాలు ఆఫ్ ఉండేవాళ్లకి వీకెండ్‌లోకి దాటే రాత్రి శుక్రవారం ఒక్కటే. వాళ్లకు విడగొట్టే పద్ధతే లాభం.

12 దాటాక చేసిన గంటలను ముందు రోజు లెక్కలోనే వెయ్యాలని, 2025లో రద్దయిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్‌లో ఉండేది. కానీ అది ఫ్యాక్టరీల్లో వారపు సెలవు, పని గంటల లెక్క కోసం. దాన్ని చూపించి వీకెండ్ రేటు తేల్చకూడదు. ఆ రేటు ఎప్పుడు మొదలవుతుందో కంపెనీ పాలసీలో చూడాలి. టెస్టులో పాలసీ ఇవ్వకపోతే "రాత్రి 12 దగ్గర విడగొట్టాను" అని పైన ఒక లైన్ రాసి లెక్క మొదలుపెట్టండి. దిద్దేవాళ్లకి మీ దారి తెలుస్తుంది.

ఎక్సెల్‌లో చెయ్యమంటే వేళతో పాటు తేదీ కూడా టైప్ చెయ్యండి. ఒట్టి 21:00, 6:00 వేసి తీసివేస్తే జవాబు మైనస్‌లోకి పోతుంది. దాన్ని టైమ్‌గా చూపించబోయి సెల్ నిండా #### వస్తుంది. A2లో లాగిన్, B2లో లాగౌట్ ఉంటే మొదటి లైన్ శుక్రవారం గంటలు, రెండోది శనివారం గంటలు:

```
=(INT(B2)-A2)*24
=(B2-INT(B2))*24
```

మీ లెక్కకి 3, 6 రావాలి. అంకెకు బదులు తేదీలాగో వేళలాగో కనిపిస్తే ఆ సెల్స్ ఫార్మాట్ General అని మార్చండి. ఆ 6లోంచి బ్రేక్ గంట మీరే తియ్యాలి, ఫార్ములాకి బ్రేక్ సంగతి తెలియదు. షిఫ్టు 12 దాటకపోతే మాత్రం ఈ ఫార్ములా పనిచెయ్యదు. మొదటి సెల్‌లో మైనస్ అంకె కనిపిస్తే ఆ వరుసలో లాగిన్, లాగౌట్ ఒకే తేదీలో ఉన్నాయని అర్థం.