నాన్నగారి బిళ్ళలో ఏముందో చూడు, బెర్బెరిన్ సంగతి తర్వాత

తమ్ముడూ, మీ నాన్నగారు ఆర్నెల్లకని వచ్చారు, విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకు పైసా ఇవ్వనంటోంది, ఆఫీసులో ఎవరో బెర్బెరిన్ అనే సప్లిమెంటుతో షుగర్ దిగిపోతుందన్నారు, డాక్టరు ఖర్చు లేకుండా మొదలుపెట్టనా అని అడిగావు. అమెరికా వచ్చిన కొత్తలో అందరి లెక్కా ఇంతే, ప్రతి డాలరునీ రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకోవడం. ఆ లెక్కల్లో నేను పండిపోయినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, విను.

ముందు ఆయన షుగర్ బిళ్ళల స్ట్రిప్ వెనక్కి తిప్పి చదువు. ఇంట్లో అందరూ "మెట్‌ఫార్మినే కదా" అంటారు. మన దగ్గర రాసే బిళ్ళల్లో చాలావాటికి పేరు చివర ఎమ్1, ఎమ్2 అని ఉంటుంది. వాటిలో సాధారణంగా మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ ఒకటో రెండో మిల్లీగ్రాములు కలిసి ఉంటుంది. ఒక్క మెట్‌ఫార్మిన్‌తో షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. నువ్వు తిన్నావా లేదా అని చూడకుండా ప్యాంక్రియాస్ చేత ఇన్సులిన్ వదిలిస్తుంది, రోజంతా పనిచేస్తుంది.

నేను వేసుకున్నదీ అలాంటి ఎమ్2 బిళ్ళే. సంవత్సరానికి సరిపడా ఊరి నుంచి మోసుకొచ్చాను. ఇక్కడ డాక్టరు దగ్గరికెళ్తే ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ దాటేదాకా బిల్లంతా మన జేబులోంచే. అందుకని షుగర్ తగ్గకపోతే డాక్టరుకి బదులు ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని బెర్బెరిన్ సీసాలు తెచ్చాను, 500 మిల్లీగ్రాములు, పూటకొకటి. మీటర్లో అంకెలు దిగుతుంటే డబ్బు మిగిల్చానని మురిసిపోయాను. నాకు శనివారం ఒంటిపూట అలవాటు. పొద్దున కాఫీతో రెండు మందులూ వేసుకుని, టిఫిన్ లేకుండా ఇండియన్ స్టోరుకి వెళ్ళాను. పప్పుల వరుస దగ్గర చెమటలు, చేతులు వణుకు. బిల్లు దగ్గర రెండు డాలర్ల తేడాకి కౌంటరు కుర్రాడి మీద అరిచాను. కోపం అనుకున్నాను కానీ అదీ షుగర్ పడిపోయిన లక్షణమే.

ఇంటికొచ్చి చూస్తే 48. డెబ్బై లోపు పడితేనే తక్కువ, 54 లోపు ప్రమాదం. మా ఆవిడ కంగారులో డైట్ సోడా ఇచ్చింది, దాంట్లో చక్కెరే ఉండదు! తర్వాత నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాను. పదిహేను నిమిషాలకు 62. మళ్ళీ అంతే తాగితే 88. అయిపోయిందనుకుంటే మధ్యాహ్నానికి మళ్ళీ 66. బిళ్ళ ఇంకా లోపల పనిచేస్తోంది కదా. అందుకే చక్కెర తాగి ఊరుకోకూడదు, అన్నం తిని, ఆ రోజంతా, రాత్రి కూడా చూస్తూ ఉండాలి.

ఒంటిపూట ఎంత చేసింది, బెర్బెరిన్ ఎంత చేసింది అని విడదీసి చెప్పలేను. అయితే బెర్బెరిన్ తనంతట తను షుగర్ దించుతుంది. పైగా గ్లిమిపిరైడ్‌ను లివర్లో కరిగించే ఎంజైమును నెమ్మదింపజేస్తుంది, కాబట్టి బిళ్ళ ప్రభావం పెరిగే అవకాశం ఉంది. మీ నాన్నగారి వయసులో కిడ్నీ మందగిస్తే బిళ్ళ ఇంకా నిలిచిపోతుంది. బీపీకి బీటా బ్లాకర్ వాడుతుంటే వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు, చెమటలు మాత్రం పడతాయి. అమ్మగారికి ఇది ముందే చెప్పి ఉంచు.

దాల్చినచెక్క, క్రోమియం సంగతికొస్తే పెద్దగా రుజువు లేదు. పులావులో వేసేది ఏమీ చేయదు. క్యాప్సూల్స్‌లో ఎక్కువగా వచ్చే కాసియా రకంలో కూమరిన్ ఉంటుంది, రోజూ ఎక్కువ మోతాదులో తీసుకుంటే లివర్‌కి మంచిది కాదు. "బ్లడ్ షుగర్ సపోర్ట్" అని రాసిన సీసాల్లో తరచు ఈ రెండూ, బెర్బెరినూ కలిపేస్తారు. విడిగా బెర్బెరిన్ కూడా వేసుకుంటే రెండింతలవుతుంది. సప్లిమెంట్లు పనిచేస్తాయని అమ్మకానికి ముందు ఎఫ్‌డీఏకి చూపించక్కర్లేదు. రూల్సు వాళ్ళ సైటులో ఉన్నాయి, చూసుకో.

ఇక డబ్బు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ జెనరిక్ మందులు ఇక్కడ కొన్ని పెద్ద స్టోర్ల ఫార్మసీల్లో ఇన్సూరెన్స్ లేకపోయినా కొద్ది డాలర్లకే వస్తాయి, సీసా బెర్బెరిన్‌కి అంతకంటే ఎక్కువ పోస్తున్నావు. ఆ డబ్బుతో మీటరు స్ట్రిప్స్ కొను. ఊళ్ళో డాక్టరుకి ఫోన్ చేసి "గ్లిమిపిరైడ్ తగ్గించాలా" అని ఒక్క మాట అడుగు, ఆయన చెప్పకుండా బిళ్ళ మాత్రం ఆపకు. ఇప్పటికే బెర్బెరిన్ మొదలుపెట్టి ఉంటే అదీ ఆయనకు చెప్పు, బెర్బెరిన్ మానేశాక అంకెలు పెరిగితే అదీ చెప్పు.

ఆయన స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకు, 911కి కొట్టు. అంబులెన్సు బిల్లు వస్తుంది, పెద్దదే వస్తుంది. తర్వాత హాస్పిటల్ బిల్లింగ్ వాళ్ళతో బేరమాడి వాయిదాల్లో కట్టుకోవచ్చు, అదెలాగో నన్నడుగు.